అర్జీలో గౌరవం క్రియ చివర ఉంటుంది

తెలుగు వాక్యంలో ఎదుటివారి పట్ల గౌరవం మూడు చోట్ల తెలుస్తుంది: పేరుకో హోదాకో చేర్చే మాటలో, సర్వనామంలో, క్రియ చివర. పై అధికారికి రాసిన ఉత్తరాన్ని దిద్దడానికి కూర్చున్నవారు చాలాసార్లు మొదటిదాని మీదే శ్రమంతా పెడతారు. ‘గౌరవనీయులైన’ చాలదేమోనని ‘మహారాజశ్రీ’ చేరుస్తారు. అదీ తక్కువనిపించి ‘దివ్య సముఖమునకు’ అంటారు. కింద ‘వెంటనే చర్య తీసుకోవలెను’ అన్న వాక్యం మాత్రం అలాగే ఉండిపోతుంది. రోజూ పదుల కొద్దీ అర్జీలు చదివే అధికారికి పై పంక్తి అలవాటైన అలంకారం. కింది వాక్యం తనకు జారీ అయిన ఆజ్ఞ. ఉత్తరం మర్యాదగా ఉందో లేదో తేలేది ఈ రెండో చోటే. అందుకే దిద్దుబాటును క్రియల దగ్గర మొదలుపెట్టి, సంబోధనను చివర చూసుకోవడం మంచి పద్ధతి.

ఒక ముసాయిదాను ముందు పెట్టుకుంటే ఈ పని ఎలా సాగుతుందో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక మహిళా రైతు, భర్త మరణం తర్వాత భూమి తన పేరుకు మారలేదని కలెక్టర్‌కు రాసుకున్న అర్జీ ఇలా ఉందనుకోవచ్చు. ఇది కల్పించిన ఉదాహరణే అయినా ఇందులోని పొరపాట్లన్నీ నిజమైన అర్జీలలో తరచూ కనిపించేవే.

“మహారాజశ్రీ గౌరవనీయమైన జిల్లా కలెక్టర్ మేడమ్ గారి దివ్య సముఖమునకు వ్రాసుకొన్న విన్నపము. తమరికి తెలియజేయడమైనది ఏమనగా, నా భర్త గత ఏడాది చనిపోయాడు. ఆయన పేరు మీదున్న 2 ఎకరాల 30 సెంట్ల భూమిని నా పేరుకు మార్చమని తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకున్నాను. వీఆర్వో వచ్చి చూసి పోయాడు. తహసీల్దార్ గారు రేపు రమ్మంది, ఎల్లుండి రమ్మంది. నాలుగు నెలలుగా తమ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. కావున తమరు వెంటనే భూమి నా పేరుకు మార్చి పాసుపుస్తకం ఇవ్వవలెను. ఇట్లు, తమ విధేయుడు.”

ఈ అర్జీ రాసిన మనిషిలో అమర్యాద లేదు. ఉన్న మర్యాదంతా మొదటి పంక్తిలోనే ఖర్చయిపోయింది, అంతే.

ముందుగా చూడవలసింది ‘తహసీల్దార్ గారు రమ్మంది’ అన్న వాక్యం. ‘గారు’ ఎవరి పక్కన చేరితే వారికి క్రియ బహువచనంలో ఉండాలి: గారు అన్నారు, గారు వచ్చారు, గారు సంతకం చేశారు. ఇచ్చిన గౌరవాన్ని క్రియ వెనక్కి తీసుకుంటే, అసలు ఇవ్వనిదాని కంటే ఎక్కువగా కుట్టుతుంది. ఈ జాగ్రత్త స్త్రీల విషయంలో మరింత అవసరం. మగవారికి ‘వచ్చాడు’, ‘వచ్చారు’ అని రెండు రూపాలున్నాయి. స్త్రీకి వాడే ఏకవచన రూపం ‘వచ్చింది’. బస్సుకైనా ఫైలుకైనా అదే రూపం. ఇంట్లో, స్నేహితుల మధ్య ‘ఆమె వచ్చింది’ అంటే తప్పేమీ లేదు. అర్జీలో ఒక మహిళా అధికారి గురించి ‘ఆమె చెప్పింది’ అని రాసి, అదే పేజీలో మగ అధికారికి ‘ఆయన చెప్పారు’ అని రాస్తే, ఉద్దేశం లేకపోయినా ఒకరిని తగ్గించినట్లు అవుతుంది. ఉత్తరంలో ప్రస్తావనకు వచ్చే ప్రతి స్త్రీకీ ‘చెప్పారు’, ‘వచ్చారు’ వాడాలి.

రెండో విషయం, ఉత్తరం ఎవరికి రాస్తున్నామో వారిని మాత్రమే గౌరవిస్తే చాలదు. అందులో కనిపించే మిగతా మనుషులను ఏ స్థాయిలో ప్రస్తావించారో కూడా చదివేవారు గమనిస్తారు. ‘వీఆర్వో వచ్చి చూసి పోయాడు’ అన్నప్పుడు కోపం వీఆర్వో మీదే కావచ్చు. కానీ ఆయన కూడా కలెక్టర్ కింద పనిచేసే ఉద్యోగే. ఫిర్యాదులో ఆరోపణ ఎంత గట్టిదైతే క్రియ అంత మర్యాదగా ఉండాలి. ‘డబ్బు అడిగాడు’ అంటే తగాదా మాటలా వినిపిస్తుంది. ‘డబ్బు అడిగారు’ అంటే విచారించవలసిన విషయంగా నిలబడుతుంది. అలాగే ‘నా భర్త చనిపోయాడు’. కొన్ని భాషల్లో బయటివారితో మాట్లాడేటప్పుడు సొంతవారిని తగ్గించి చెప్పడం మర్యాద. తెలుగుకు ఆ నియమం లేదు. కలెక్టర్‌కు రాసేటప్పుడైనా తండ్రి ‘మా నాన్నగారు’ గానే ఉంటారు, భర్త ‘మరణించారు’ అనే రాయాలి. తగ్గించి చెప్పుకోవలసింది రాసే మనిషి తనను మాత్రమే. సంతకం కింద తన పేరుకు ముందు ‘శ్రీ’, తర్వాత ‘గారు’ పెట్టుకోకపోవడం అందులో భాగమే.

ఇక ‘తెలియజేయడమైనది’. ఇది ఆఫీసుల నుంచి బయటికి వచ్చే కాగితాల భాష. అందులో కర్త కనిపించడు. ఆదేశం ఒక వ్యక్తిది కాదు, వ్యవస్థది అని చెప్పడానికి ఆ నిర్మాణం పుట్టింది. పౌరుడు దాన్ని అరువు తెచ్చుకుంటే అర్జీ మెమోలా మారుతుంది. ఆఫీసు తెలుగులో క్రియలకు దిశ ఉంటుంది. ఆదేశించడం, సూచించడం, హెచ్చరించడం పై నుంచి కిందికి వస్తాయి. విన్నవించడం, నివేదించడం, సమర్పించడం కింది నుంచి పైకి వెళ్తాయి. తెలపడం, కోరడం, దృష్టికి తేవడం ఏ దిశలోనైనా చెల్లుతాయి. ‘ఈ విషయంలో ఇలా చేయాలని సూచిస్తున్నాను’ అని కింది ఉద్యోగి పై అధికారికి రాస్తే, మాట ఎంత మంచిదైనా దిశ తప్పుతుంది. ‘ఇలా చేస్తే బాగుంటుందని మీ దృష్టికి తెస్తున్నాను’ అంటే సరిపోతుంది. దిశ లేని క్రియలు ఎక్కువగా వాడిన ఉత్తరం సాఫీగా నడుస్తుంది. పైకి వెళ్లే క్రియలను అడుగడుగునా పెడితే ప్రతి వాక్యమూ వంగి దండం పెడుతున్నట్లు ఉంటుంది.

ఉత్తరానికి గుండెకాయ అడిగే వాక్యం. దిద్దేవారు ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. ముసాయిదాలో ఉన్న ‘ఇవ్వవలెను’ విధిని చెప్పే రూపం. ఉత్తర్వులలో, నిబంధనలలో, పరీక్ష పత్రాలపై సూచనలలో కనిపిస్తుంది. పై అధికారికి పనికిరాదు. దానికి బదులుగా చాలామంది ‘ఇవ్వగలరు’ అని రాస్తారు. ‘రాగలరు’, ‘గమనించగలరు’ అన్నవి ఆహ్వాన పత్రికల్లోనూ ప్రకటనల్లోనూ మర్యాద రూపాలుగా స్థిరపడినవే. కానీ ‘గలరు’లో సామర్థ్యం అర్థం ఇంకా బతికే ఉంది. ‘తమరు ఈ సమస్య పరిష్కరించగలరు’ అన్నది విన్నపమా, అధికారి శక్తి మీద రాసేవారి అభిప్రాయమా అన్నది తేలదు. ‘ఇవ్వండి’ మర్యాదైన రూపమే. తోటివారికి, కౌంటర్ దగ్గర గుమస్తాకు అది చాలు. పై అధికారికి రాతలో ఇంకొంచెం దూరం పాటించడం ఆనవాయితీ. ఆ దూరాన్ని పాటిస్తూ, అర్థంలో ఏ సందేహమూ మిగల్చని రూపం ‘-వలసిందిగా కోరుతున్నాను’. ఇందులో ‘వలసింది’ పని అవసరాన్ని చెబుతుంది, ‘కోరుతున్నాను’ నిర్ణయాన్ని ఎదుటివారికి వదులుతుంది.

ఇక్కడే తెలుగు ఇచ్చే మరో వెసులుబాటు ఉంది. భూమి రికార్డులో పేరు మార్చే పని కలెక్టర్ స్వయంగా చేయరు. తహసీల్దార్ కార్యాలయం చేస్తుంది, కలెక్టర్ చేయిస్తారు. కనుక ‘పాసుపుస్తకం ఇవ్వవలసిందిగా’ కాక ‘ఇప్పించవలసిందిగా’, ‘విచారణ జరపవలసిందిగా’ కాక ‘జరిపించవలసిందిగా’ అని రాయాలి. ఈ ప్రేరణార్థక రూపం ఒకేసారి రెండు పనులు చేస్తుంది. అధికారి స్థాయిని గుర్తిస్తుంది. పని ఏ మెట్టు మీద ఆగిందో, ఎవరి చేత జరగాలో రాసేవారికి తెలుసని చూపిస్తుంది. పది విశేషణాలు తేలేని గౌరవాన్ని ఈ ఒక్క ప్రత్యయం తెస్తుంది. అదే ఉత్తరాన్ని తహసీల్దార్‌కు రాస్తే ‘విచారణ జరిపి పాసుపుస్తకం మంజూరు చేయవలసిందిగా’ అని నేరుగా రాయాలి. పని ఆ కార్యాలయానిదే కదా.

‘కోరుతున్నాను’ అన్న చివరి మాటకు కూడా మెట్లున్నాయి. కోరుతున్నాను, అభ్యర్థిస్తున్నాను, మనవి చేస్తున్నాను, ప్రార్థిస్తున్నాను అన్న వరుసలో వినయం పెరుగుతూ పోతుంది. వీటికి ‘కొను’ చేరితే మరో మెట్టు దిగినట్టు: మనవి చేసుకుంటున్నాను, విన్నవించుకుంటున్నాను. ఏ మెట్టు మీద నిలబడాలన్నది అడిగే విషయాన్ని బట్టి ఉంటుంది. రాసేవారి భయాన్ని బట్టి కాదు. చట్టం ప్రకారం అందవలసినదానికి ‘కోరుతున్నాను’ సరిపోతుంది. భూమి వారసత్వం, పింఛను, ధ్రువపత్రం ఇలాంటివి. రాజ్యాంగంలోని 350వ అధికరణం, కష్టం తీర్చమని ఏ అధికారికైనా కేంద్రంలో లేదా రాష్ట్రంలో వాడుకలో ఉన్న భాషలో వినతి పంపుకునే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. అలాంటి కాగితంలో ‘దయతలచి’, ‘కరుణించి’ వంటి మాటలు చేరిస్తే హక్కు కాస్తా దానంగా కనిపిస్తుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పెట్టే దరఖాస్తుకు ప్రార్థన అసలే తగదు. సమాచారం ఎందుకు కావాలో కారణం కూడా చెప్పనక్కరలేదని ఆ చట్టమే అంటుంది. ‘ఈ కింది సమాచారం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను’ అన్న వాక్యమే దానికి పూర్తి మర్యాద. అధికారి విచక్షణ మీద ఆధారపడినవి వేరు. బదిలీ, గడువు పొడిగింపు, ప్రత్యేక అనుమతి వంటివాటికి ‘మనవి చేస్తున్నాను’ అనడంలో ఔచిత్యం ఉంది. ఏ మాట ఎంచుకున్నా ఒకసారే, అడిగే వాక్యంలోనే వాడాలి.

సర్వనామం సంగతి చిన్నదే కానీ చిక్కు పెడుతుంది. పై అధికారికి ‘మీరు’ చాలదని ‘తమరు’ వాడటం పాత అలవాటు, తప్పు కాదు. చిక్కంతా ‘తమ’ దగ్గర వస్తుంది. తెలుగులో ‘తమ’ అంటే ‘మీ’ అనే గౌరవార్థమే కాక, వాక్యంలోని మూడో మనిషికి చెందినది అనే అర్థమూ ఉంది. ‘తహసీల్దార్ గారు తమ కార్యాలయానికి రమ్మన్నారు’ అంటే తహసీల్దార్ కార్యాలయానికా, కలెక్టర్ కార్యాలయానికా? ముసాయిదాలోని ‘తమ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను’ కూడా అంతే. ఆమె తిరిగింది తహసీల్దార్ ఆఫీసు చుట్టూ. ఆ వాక్యం కలెక్టర్ ఆఫీసు మీద ఫిర్యాదులా మారింది. ‘మీరు’, ‘మీ’ అని ఉత్తరమంతా ఒకే రీతిలో రాస్తే ఈ సందిగ్ధం రాదు, మర్యాదా తగ్గదు. ‘తమరు’తో మొదలుపెట్టి మధ్యలో ‘మీరు’లోకి జారడం అన్నిటికంటే పేలవంగా ఉంటుంది.

ఇప్పుడు మొదటి పంక్తికి రావచ్చు. ‘మహారాజశ్రీ’ మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల ఉత్తరాల నుంచి వచ్చింది. ఆ కాలంలో పెద్దమనుషుల పేర్ల ముందు ‘మ.రా.రా.శ్రీ’ అని పొడి అక్షరాల్లో రాసేవారు. నిజాం పాలనలోని తెలంగాణలో పాలనా భాష ఉర్దూ. సర్కారు, దరఖాస్తు, అర్జీ వంటి మాటలు ఉర్దూ పాలనా భాషతో ముడిపడినవే, ఈనాటికీ నిలిచి ఉన్నాయి. ఈ మాటలన్నీ చరిత్రలో ఉన్నవే కానీ, అన్నీ ఇప్పటి ఉత్తరానికి తగినవి కావు. దరఖాస్తు, అర్జీ పని పేర్లు కనుక నిలిచాయి. ‘మహారాజశ్రీ’, ‘ఏలినవారు’, ‘దివ్య సముఖము’ పాలకుడికీ ప్రజకూ మధ్య ఉన్న పాత సంబంధాన్ని చెప్పే మాటలు. ఆ సంబంధం పోయింది, మాటలు పోవడమే న్యాయం. అత్యున్నత పదవులకు కూడా సంబోధనలు తేలికవుతున్నాయి. ‘ఘనత వహించిన’ అని తెలుగులో చెప్పుకునే ఆంగ్ల సంబోధనను దేశంలోపలి కార్యక్రమాలలో వాడనక్కరలేదని రాష్ట్రపతి భవన్ 2012లోనే నిర్ణయించింది.

ఇప్పటి వాడుకలో మిగిలినవి కొద్దిపాటివే. మంత్రులకు, శాసనసభ్యులకు, న్యాయమూర్తులకు ‘గౌరవ’ అన్నది హోదా ముందు చేరుతుంది: గౌరవ ముఖ్యమంత్రి గారికి. అధికారులకు ‘గౌరవనీయులైన’ వాడవచ్చు, వాడకపోయినా లోటు లేదు. వాడితే రూపం సరిగా ఉండాలి. ‘గౌరవనీయమైన’ వస్తువులకు, స్థానాలకు చెందుతుంది: గౌరవనీయమైన పదవి. ‘గౌరవనీయుడైన’ ఏకవచనం, ‘గారు’తో పొసగదు. ‘గౌరవనీయులైన కలెక్టర్ గారికి’ అన్నదే కుదురైన రూపం. మర్యాద కోసం రాసిన ‘గౌరవనీయమైన కలెక్టర్ గారు’ కలెక్టర్‌ను వస్తువును చేస్తుంది. అర్జీల్లో తరచూ కనిపించే తప్పు ఇదే. ‘గారు’ ఒక్కసారి, హోదా చివరో పేరు చివరో రావాలి. ‘మేడమ్ గారు’, ‘సార్ గారు’ మాటల్లో వినిపిస్తాయి, రాతలో అక్కరలేదు. అధికారులు బదిలీ అవుతుంటారు కనుక చిరునామాలో పేరు కంటే హోదా క్షేమం. పాత అధికారి పేరుతో వెళ్లిన ఉత్తరం కొత్తవారి బల్ల మీద ఇబ్బందిగా ఉంటుంది. సంబోధనగా పురుషులకు ‘అయ్యా’, స్త్రీలకు ‘అమ్మా’ సహజమైనవి. ఎవరున్నారో తెలియకపోతే ‘అయ్యా/అమ్మా’ అని రాయడం ఆనవాయితీ. ‘ఆర్యా’ కొంచెం పుస్తకాల మాట, పురుష సంబోధన. మహిళా కలెక్టర్‌కు ‘అమ్మా’ అన్నదే నప్పుతుంది.

గౌరవం ఒక ఎత్తు, భాషా శైలి మరో ఎత్తు. ఈ రెండింటినీ కలగలిపి చూడటం వల్లనే చాలామంది అర్జీ అనగానే గ్రాంథికంలోకి వెళ్తారు. ‘వ్రాసుకొన్న విన్నపము’, ‘ఏమనగా’ అని మొదలైన ముసాయిదా నాలుగో వాక్యానికే ‘చూసి పోయాడు’లోకి వచ్చేసింది. ‘కోరుచున్నాను’ అనేవారు చివరిదాకా ‘వచ్చియున్నారు’, ‘గ్రామమునందు’ అనే నడవాలి. అది అందరి వల్లా కాదు, అవసరమూ లేదు. పత్రికలు, పాఠ్యపుస్తకాలు వాడే శిష్ట వ్యావహారికం కలెక్టర్‌కే కాదు, ముఖ్యమంత్రికైనా సరిపోతుంది. ‘కోరుతున్నాను’లో ‘కోరుచున్నాను’ కంటే గౌరవం రవ్వంత కూడా తక్కువ లేదు. తగ్గించవలసింది ఇంటి మాటను: ‘పోయాడు’, ‘పెట్టుకున్నాను’, ‘రేపు రమ్మంది’. వాటికి బదులు ‘వెళ్లారు’, ‘ఇచ్చాను’, ‘మళ్లీ రమ్మన్నారు’ అంటే శైలి కుదురుకుంటుంది. ఆఫీసు, పెండింగ్, సర్వే నంబరు వంటి అందరూ వాడే మాటలకు కష్టపడి సంస్కృతం వెతకనక్కరలేదు.

ముగింపు దగ్గర ‘విధేయుడు’ అన్న మాట అలవాటుగా వచ్చి పడుతుంది. అది చెప్పిన మాట వినేవారు అన్న అర్థమిచ్చే మాట. ఉద్యోగి తన పై అధికారికి రాస్తే పొసగుతుంది. అలాంటప్పుడు చిరునామా కింద ‘ద్వారా’ అని తన తక్షణ పై అధికారి హోదా రాయడమూ మర్యాదలో భాగమే. మధ్య మెట్టును దాటి నేరుగా పైకి పంపితే లోపలి భాష ఎంత వినయంగా ఉన్నా లాభం ఉండదు. పౌరులు మాత్రం ‘భవదీయుడు’, ‘భవదీయురాలు’ అనవచ్చు, లేదా ‘ఇట్లు’ అని సంతకం పెట్టవచ్చు. నమూనా చూసి రాసినప్పుడు స్త్రీ సంతకం పైన ‘విధేయుడు’ మిగిలిపోవడం మామూలు. ముసాయిదాలో జరిగిందదే.

ఇవన్నీ సరిచేశాక ఆ అర్జీ ఇలా తేలుతుంది.

“జిల్లా కలెక్టర్ గారికి,

విషయం: వారసత్వ భూమికి పేరు మార్పు, తహసీల్దార్ కార్యాలయంలో పెండింగ్‌లో ఉన్న దరఖాస్తు గురించి.

అమ్మా,

నా భర్త గత ఏడాది మరణించారు. ఆయన పేరు మీద ఉన్న 2 ఎకరాల 30 సెంట్ల భూమిని వారసత్వం కింద నా పేరుకు మార్చాలని కోరుతూ తహసీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాను. గ్రామ రెవెన్యూ అధికారి వచ్చి భూమి పరిశీలించి వెళ్లారు. ఆ తర్వాత నాలుగు నెలలుగా ఎప్పుడు వెళ్లినా తహసీల్దార్ గారు మళ్లీ రమ్మంటున్నారు. ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా తెలపలేదు. దరఖాస్తు రసీదు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నకళ్లు జతచేశాను. ఈ విషయం విచారణ జరిపించి, నా పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయురాలు”

దీని కింద సంతకం, పేరు, ఊరు, ఫోన్ నంబరు, తేదీ వస్తాయి. సర్వే నంబరు, దరఖాస్తు నంబరు విషయం పంక్తిలోనే చేర్చుకోవచ్చు. పొగడ్త ఒక్కటీ లేదు, అయినా ఇందులో కనిపించే ప్రతి మనిషికీ మర్యాద దక్కింది. ‘వెంటనే’ అన్న మాట పోయింది. ‘నాలుగు నెలలుగా’ ఆ పని చేస్తోంది.

సమాధానం రాక రెండోసారి రాయవలసి వచ్చినప్పుడు ఈ స్థాయి తప్పడం ఎక్కువ. కొందరు కోపంతో ‘గారు’ తీసేస్తారు, కొందరు భయంతో ‘పాదపద్మములకు’ దాకా వెళ్తారు. రెండో ఉత్తరం కూడా మొదటి ఉత్తరం ఉన్న మెట్టు మీదే ఉండాలి. మారవలసింది వివరం మాత్రమే: మొదటి అర్జీ తేదీ, దాని రసీదు నంబరు, ఆ తర్వాత గడిచిన కాలం, ఇంతవరకు సమాధానం అందలేదన్న మాట. ‘పై అర్జీపై తీసుకున్న చర్య తెలియజేయవలసిందిగా కోరుతున్నాను’ అన్న వాక్యంతో ఆ ఉత్తరం పూర్తవుతుంది.